వత్తు లేని అస్త్రం

ఆ ఆటలో తెర కుడివైపు కింది మూలన ఎర్రటి బటన్ ఒకటుంది. నొక్కితే బాణాలూ గదలూ వరసగా కనిపిస్తాయి. ఆ బటన్ మీద ఉండాల్సిన మాట "అస్త్రం". నేను అనువాదం చేసి పంపినప్పుడు అలాగే రాశాను. మా స్నేహితుడి కొడుకు తన ఆటని ఫోన్లో తెరిచి నా చేతికిచ్చినప్పుడు మాత్రం అక్కడ "అస్‌త్‌రం" అని ఉంది. స మీద పొల్లు, త మీద పొల్లు, పక్కన పూర్తి ర. మాట పొడవై చివరి సున్న బటన్ అంచు దాటి బయటికొచ్చింది.

"ఫైల్లో సరిగ్గానే ఉంది బాబాయ్. ఆటలోకి వెళ్ళేసరికే ఇలా అయిపోతోంది" అన్నాడు.

ఫైలు తెరిచి చూపించాడు. నిజమే, అక్కడ అస్త్రం అస్త్రంలాగే ఉంది. అదే మాటని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అక్కడా బాగానే ఉంది. అదే ఫోను, అవే అక్షరాలు. ఆటలోకి అడుగుపెట్టగానే వత్తులు పోతున్నాయి. ఇరవై ఏళ్ళుగా తెరమీద తెలుగుతోనే నా పని. ఇలాంటి తెలుగుని ఆటల్లోనే కాదు, టీవీ సెట్‌టాప్ బాక్సుల్లోనూ బస్సుల బోర్డుల్లోనూ చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా ఎవరో పరాకుగా టైపు చేశారని పక్కవాళ్ళు అనుకుంటారు. టైపు చేసినవాళ్ళ తప్పు ఇందులో దాదాపు ఎప్పుడూ ఉండదు. ఎక్కడ తెగుతోందో చూడాలంటే ఈ ఒక్క మాట వెంట చివరిదాకా వెళితే చాలు.

మనం "అస్త్రం" అని టైపు చేసినప్పుడు ఫైల్లోకి వెళ్ళేవి బొమ్మలు కావు, అంకెలు. యూనికోడ్ ప్రకారం ఈ మాటకి ఏడు అంకెలు:

```
అ  U+0C05
స  U+0C38
్   U+0C4D
త  U+0C24
్   U+0C4D
ర  U+0C30
ం  U+0C02
```

ఈ జాబితాలో త వత్తు లేదు, ర వత్తు లేదు. ఉన్నవి మామూలు త, మామూలు ర, వాటి ముందు ఒక్కో పొల్లు. తెలుగుకి యూనికోడ్ కేటాయించిన 128 గదుల్లో ఇప్పటికి నిండినవి సుమారు వంద. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, అంకెలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. వత్తులకి మాత్రం ఒక్క గది కూడా ఇవ్వలేదు. మన దేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ అనే ప్రమాణం నుంచి వచ్చిన పద్ధతి ఇది. హల్లు తర్వాత పొల్లు, దాని తర్వాత మరో హల్లు వస్తే ఆ రెండో హల్లుని కింద వత్తుగా గీయాలని ఒప్పందం. అంటే సంయుక్తాక్షరం మధ్యలో వచ్చే పొల్లు తెరమీద కనిపించాల్సిన గుర్తు కాదు, తర్వాతి హల్లుని కిందికి దింపమని చెప్పే ఆనవాలు. యూనికోడ్‌లో ఇలా కాకుండా కూడా చేయొచ్చని టిబెటన్ లిపిని చూస్తే తెలుస్తుంది. దానిలో కింద రాసే హల్లులకి విడిగా అంకెలున్నాయి.

అయితే త వత్తు బొమ్మ ఎక్కడుంది? ఫాంట్ ఫైల్లో ఉంది. ఫాంట్ గీసినవాళ్ళు త వత్తునీ ర వత్తునీ, పెద్దలు క్రారవడి అనే గుర్తునీ, శ్రద్ధగా గీసి పెడతారు. త, న, మ, య, ర, ల లాంటి హల్లులకి వత్తు రూపం అసలు రూపంకంటే బాగా వేరుగా ఉంటుంది కాబట్టి వాటిని విడిగా గీయక తప్పదు. గీసిన ప్రతి బొమ్మకీ ఆ ఫాంట్ లోపల ఒక వరస సంఖ్య ఉంటుంది. అయితే అది ఆ ఫాంట్ సొంత లెక్క. ఇంకో ఫాంట్‌లో త వత్తు ఇంకో సంఖ్య మీద ఉంటుంది. బొమ్మలతోపాటు ఫాంట్‌లో ఒక నియమాల పట్టిక కూడా ఉంటుంది: పొల్లూ త పక్కపక్కన వస్తే ఆ రెంటినీ తీసేసి ఫలానా బొమ్మ పెట్టు, స కింద త వత్తు ఉండగా ర వత్తు కూడా వస్తే దాన్ని కొంచెం పక్కకి జరుపు, ఇలా.

ఆ పట్టికని తెరిచి, అంకెల వరసని చదివి, ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో తేల్చే పనినే షేపింగ్ అంటారు. అది ఫాంట్ తనంతట తాను చేసుకునే పని కాదు, ఒక ప్రోగ్రామ్ చేయాలి. విండోస్‌లో, ఐఫోన్లో ఆయా కంపెనీల సొంత ప్రోగ్రాములు చేస్తాయి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ లాంటివాటిలో హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ చేస్తుంది. దాన్ని ప్రధానంగా తీర్చిదిద్దిన బెహదాద్ ఎస్ఫాబోద్ ఇరాన్‌కి చెందినవాడు. ఆ పేరు కూడా ఫార్సీలోంచే వచ్చింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. వాట్సాప్‌లో అస్త్రం సరిగ్గా కనిపించడానికి కారణం ఇదే. ఆ తెరమీద అక్షరాలు గీసే పని ఫోను చేస్తోంది, ఫోనుకి షేపింగ్ వచ్చు.

ఆటలో అక్షరాలు గీసేది ఫోను కాదు. తెరమీది చెట్లూ గుట్టలూ మనుషులూ ఎలా గీస్తుందో, అక్షరాలనీ ఆట ఇంజిన్ అలాగే తానే గీసుకుంటుంది. సెకనుకి అరవైసార్లు తెరంతా కొత్తగా గీయాలి కాబట్టి, ప్రతిసారీ ఫాంట్ ఫైలు తెరిచి గీతలు లెక్కకట్టే తీరిక దానికి ఉండదు. అందుకని చాలా ఇంజిన్లలో ముందే ఒక పెద్ద పలక తయారుచేస్తారు. ఆటలో వాడే అక్షరాలన్నీ ఆ పలక మీద ఒకదాని పక్కన ఒకటి గీసి ఉంటాయి. దాన్ని అట్లాస్ అంటారు. ఎ కావాలంటే పలకలో ఎ ఉన్న ముక్క, బి కావాలంటే బి ఉన్న ముక్క కత్తిరించి పెట్టడమే. ఏ ముక్క ఎక్కడుందో వెతకడానికి గుర్తు యూనికోడ్ అంకె.

అస్త్రం ఈ పలక దగ్గరే విరుగుతుంది. ఇంగ్లీషులో ఒక అంకెకి ఒక బొమ్మ కాబట్టి ఈ ఏర్పాటు చక్కగా సాగిపోతుంది. మన త వత్తుకి అంకె లేదు. అంకె లేని బొమ్మ అంకెల వారీగా కట్టిన పలకలోకి రాదు. పలక తయారుచేసే పనిముట్టుకి "తెలుగు గదులన్నీ చేర్చు" అని ఎంత గట్టిగా చెప్పినా, U+0C00 నుంచి U+0C7F దాకా ఉన్నవన్నీ చేరుస్తుంది గానీ వత్తులు ఒక్కటీ చేరవు. వత్తులు పక్కన ఫాంట్ ఫైల్లోనే ఉంటాయి, వాటిని పిలిచే పేరే ఇంజిన్ దగ్గర ఉండదు. మా వాడు నాలుగు ఫాంట్లు మార్చి చూశాడు, ప్రతిసారీ అదే పొల్లు. మార్చాల్సింది ఫాంట్ కాదని ఆ నాలుగోసారికి అర్థమైంది.

ఇంట్లో కంప్యూటర్ మీద దీన్ని కళ్ళారా చూడొచ్చు. హార్ఫ్‌బజ్‌తో పాటు వచ్చే చిన్న పనిముట్టు ఒకటి మాటని బొమ్మగా గీసి ఇస్తుంది. ఒకసారి మామూలుగా, ఇంకోసారి షేపింగ్ నియమాలు పట్టించుకోవద్దని చెప్పి గీయించాం:

```
hb-view --output-file=1.png NotoSansTelugu-Regular.ttf "అస్త్రం"
hb-view --shapers=fallback --output-file=2.png NotoSansTelugu-Regular.ttf "అస్త్రం"
```

రెండు వరసల్లోనూ ఫాంట్ ఒకటే, మాట ఒకటే. మొదటి బొమ్మలో అ, స, దాని కింద త వత్తు, ర వత్తు, పక్కన సున్న. రెండో బొమ్మలో ఏడు అంకెలకి ఏడు బొమ్మలు, వచ్చిన వరసలోనే. ఆటలో ఉన్న ఎర్ర బటన్‌ని ఆ రెండో బొమ్మ పక్కన పెట్టి చూశాం. అచ్చు అదే. ఇంజిన్ ఏం చేయడం లేదో అప్పుడు మా వాడికి నోటిమాటతో చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇంత విరిగినా మనవాళ్ళు చదవగలుగుతున్నారు, అందుకే ఎవరూ గట్టిగా అడగడం లేదేమో అని నాకు అనిపిస్తుంది. హిందీలో "కి" రాసేటప్పుడు గుడి గుర్తు హల్లుకి ఎడమపక్కన వస్తుంది. అంకెల వరసలో మాత్రం అది హల్లు తర్వాతే ఉంటుంది. షేపింగ్ లేకపోతే ఆ గుర్తు వెళ్ళి పక్క అక్షరం మీద వాలినట్టు కనిపించి మాటే తప్పిపోతుంది. తెలుగులో అంకెల వరస, పలికే వరస ఒకటే. కాబట్టి "అస్‌త్‌రం" అని కూడబలుక్కుని చదివితే మాట అందుతుంది. పెద్దవాళ్ళు కళ్ళతోనే సర్దుకుంటారు. ఇప్పుడిప్పుడే వత్తులు నేర్చుకుంటున్న పిల్లలు మాత్రం బడిలో స కింద త రాయడం దిద్ది, ఆటలో పక్కపక్కన చూస్తారు. తెలుగులో ఆడుకునే ఆటలు ఎక్కువగా వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి.

వత్తులతో సమస్య ఆగదు, గుణింతమూ చెడుతుంది. క తల మీద తలకట్టు ఉంటుంది. "కి" రాసేటప్పుడు తలకట్టు తీసేసి గుడి కడతాం, "కా" రాసేటప్పుడు తలకట్టు స్థానంలో దీర్ఘం వస్తుంది. తలకట్టు తీసేయడమూ షేపింగ్ పనే. అది లేకపోతే తలకట్టు అలాగే ఉండి, దాని మీద గుడి కూడా ఎక్కుతుంది, రెండు గీతలూ ఒకదాన్నొకటి తొక్కుకుని నల్లటి మచ్చలా కనిపిస్తాయి. తలకట్టుని ముట్టుకోని "కు" మాత్రం కొంత నయంగా ఉంటుంది. అందువల్ల ఒకే తెర మీద కొన్ని మాటలు బాగున్నట్టు, కొన్ని పాడైనట్టు కనిపించి, ఆట తయారుచేసేవాళ్ళు అనువాదకుడినే అనుమానిస్తారు. ఆ అనుమానం నేను చాలాసార్లు మోశాను. మీరు పంపిన ఫైల్లోనే ఏదో తేడా ఉందని ఒక కంపెనీ నా చేత మూడుసార్లు అవే మాటలు మళ్ళీ టైపు చేయించింది.

అలా మోయక్కర్లేకుండా, తెర చూసి జబ్బు ఎక్కడుందో చెప్పడం నేర్చుకోవచ్చు. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంట్‌లో తెలుగే లేదని అర్థం, తెలుగు ఉన్న ఫాంట్ చేరిస్తే పోతుంది. అక్షరాలు వచ్చి పొల్లులన్నీ బయటపడితే ఫాంట్ ఉంది, షేపింగ్ లేదు. వత్తులన్నీ బాగుండి ఏదో ఒక్క జంట మాత్రం విడిపోతే, ముఖ్యంగా "సాఫ్ట్" లాంటి ఇంగ్లీషు మాటల్లో, ఆ ఫాంట్ గీసినవాళ్ళు ఆ జంటకి నియమం రాయలేదని అనుమానించాలి. అప్పుడు ఫాంట్ మార్చడం సరైన మందు. చుక్కల సున్నా ఒకటి కనిపించి దానికి గుడో దీర్ఘమో అంటుకుని ఉంటే, షేపింగ్ జరుగుతోంది కానీ ప్రోగ్రామ్ మాటని అక్షరం మధ్యలో కోసేసింది. హల్లు ముందు ముక్కలో ఉండిపోయి, గుర్తు ఒంటరిగా రెండో ముక్క మొదట్లో పడింది. ఆసరా లేని గుర్తుకి షేపింగ్ ప్రోగ్రామ్ ఆ చుక్కల సున్నాని ఆసరాగా ఇస్తుంది. ఏది కనిపించినా ముందు ఆ మాటని కాపీ చేసి ఫోన్లో ఇంకెక్కడైనా అతికించి చూడాలి. అక్కడ బాగుంటే ఫైలుకీ అనువాదకుడికీ సంబంధం లేదు.

షేపింగ్ లేని ఇంజిన్‌తోనే నెట్టుకురావాలంటే ఒక అడ్డదారి ఉంది. మా వాడు మొదట అటే వెళ్ళాడు. యూనికోడ్‌లో U+E000 నుంచి U+F8FF దాకా 6,400 గదులు ఎవరికిష్టమైనట్టు వాళ్ళు వాడుకోవడానికి ఖాళీగా వదిలారు. ఫాంట్‌ని ఒక ఎడిటర్‌లో తెరిచి త వత్తుకి U+E001, ర వత్తుకి U+E002 అని గదులు ఇస్తే వాటికీ అంకెలు వచ్చేస్తాయి, పలకలోకి ఎక్కుతాయి. తర్వాత ఆటలోని మాటలన్నిటిలో పొల్లు-త జంట ఉన్నచోటల్లా U+E001 పెట్టే చిన్న ప్రోగ్రామ్ రాసుకోవాలి. ఇది మనకి కొత్త కాదు. యూనికోడ్ రాకముందు మన డీటీపీ సెంటర్లన్నీ ఇలాగే నడిచాయి. అను ఫాంట్లలో పనిచేసినవాళ్ళకి తెలుసు, అక్కడ వత్తుకి దాని చోటు దానికుండేది, టైపు చేసినవాళ్ళే దాన్ని పక్కన కూర్చోబెట్టేవాళ్ళు.

రెండు రోజుల్లో వాడి బటన్లన్నీ బాగయ్యాయి. మూడోరోజు ఆటగాడు తన పేరు తానే టైపు చేసుకునే తెర దగ్గర మళ్ళీ ఆగిపోయాడు. అక్కడ మాట ముందే తెలియదు కాబట్టి, ఆట నడుస్తుండగానే మార్పిడి జరగాలి. వెనక్కి చెరిపితే U+E001 ఒక్కసారే పోవాలా, పొల్లూ త విడిగా పోవాలా? పేరు ఆటలోంచి కాపీ చేసి బయట అతికిస్తే వత్తుల చోట డబ్బాలు వస్తున్నాయి. ఎందుకంటే ఆ 6,400 గదుల్లో వాడు ఏం పెట్టుకున్నాడో బయట ఎవరికీ తెలియదు. మార్పిడి నియమాలు రాస్తూ పోతే స్త్ర, ష్ట్ర, క్ష్మి లాంటి మూడు హల్లుల జంటలు, వాటి మీద గుణింతాలు, ఒక్కోదానికీ ఎడం సర్దుబాట్లు. ఫాంట్ పట్టికలో ఎవరో ఏళ్ళ తరబడి రాసిపెట్టిన పనినే తాను మళ్ళీ చేతితో రాస్తున్నానని వాడికే తోచింది. మాటలు కొద్దిగా ఉండి, ఆటగాడు ఏమీ టైపు చేయని చిన్న ఆటకైతే ఈ దారి పనికొస్తుంది. అంతకు మించితే ఇంజిన్‌కే షేపింగ్ ఉండాలి.

ఇప్పుడు అలాంటివి ఉన్నాయి. అందరికీ ఉచితంగా దొరికే గోడో ఇంజిన్ మూడో తరంలో తెలుగుకి కావాల్సిన షేపింగ్ లేదు. 2023 మార్చిలో వచ్చిన 4.0 లో హార్ఫ్‌బజ్‌ని లోపలే చేర్చారు. అన్‌రియల్ ఇంజిన్ తెరమీది మాటలకి హార్ఫ్‌బజ్ వాడుతుంది. యూనిటీలో చాలామంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మొదటినుంచీ అంకెల వారీ పలక మీద నడిచింది. యూనిటీ 6 లో యూఐ టూల్‌కిట్ కోసం హార్ఫ్‌బజ్‌తో వేరే ఏర్పాటు తెచ్చారు. మా వాడు ఆటని గోడో 4 లోకి మార్చుకున్నాడు. రాతంతా మళ్ళీ సర్దుకోవడానికి వారాలు పట్టింది గానీ, అస్త్రం మాత్రం మొదటిరోజే ఏ మార్పిడీ లేకుండా అస్త్రంగా కనిపించింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపాడు, కింద ఇంకేమీ రాయలేదు.

గోడోలో కూడా ఒక మెలిక ఉంది. ఆట సైజు తగ్గించాలనుకునేవాళ్ళు ఇంజిన్‌ని తామే కట్టుకునేటప్పుడు కింది వరస చేరుస్తుంటారు:

```
module_text_server_adv_enabled=no module_text_server_fb_enabled=yes
```

ఇది షేపింగ్ చేసే భాగాన్ని తీసేసి, ఒక అంకెకి ఒక బొమ్మ పద్ధతిలో పనిచేసే చిన్న భాగాన్ని పెడుతుంది. ఇంగ్లీషు ఆటకి ఏ తేడా తెలియదు. తెలుగు ఆటలో మాత్రం ఎడిటర్‌లో బాగున్న మాట, ఎగుమతి చేసిన ఆటలో మళ్ళీ పొల్లులతో వస్తుంది. తయారుచేసే తెర మీద కాకుండా, ఆడేవాళ్ళ చేతికి వెళ్ళే ఫైలు మీదే ఆఖరి పరీక్ష చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

షేపింగ్ వచ్చాక మిగిలిన చిక్కు ఆటలకే ప్రత్యేకమైనది. కథ చెప్పే పాత్రలు మాట్లాడేటప్పుడు అక్షరాలు ఒక్కొక్కటిగా టకటకా పడుతుంటాయి. ఇంజిన్ మాటని అంకె తర్వాత అంకెగా బయటపెడుతుంటే అస్త్రం ఇలా పుడుతుంది: అ, అస, అస్, అస్త, అస్త్, అస్త్ర, అస్త్రం. మధ్యలో రెండుసార్లు పొల్లు మెరిసి మాయమవుతుంది. ఒక్క మాటకి పట్టింపు ఉండదు గానీ, నాలుగు వరసల సంభాషణలో పొల్లులు అలా మిణుకుమంటుంటే చదివే కన్ను నిలవదు. యూనికోడ్ నియమాల్లో కూడా చాలాకాలం స్, త్, ర మూడు ముక్కలుగానే లెక్కకొచ్చాయి. ఇలాంటి సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పులో చేరింది, తెలుగు అందులో ఉంది. గోడోలో అయితే ముందు మాటంతా షేపింగ్ చేసి, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా చూపించమని ఒక్క వరసలో చెప్పొచ్చు:

```
$Label.visible_characters_behavior = TextServer.VC_CHARS_AFTER_SHAPING
```

ఇది పెట్టాక రాజుగారి మాటలు మిణుకుమనడం ఆగింది.

ఆఖరికి మిగిలింది ఎర్ర బటనే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని గీసిన బటన్ అది. కింద రెండు వత్తులు మోసే మాట అందులో పట్టలేదు, ర వత్తు అడుగు తెగిపోయింది. ఇంగ్లీషులో కిందికి దిగేవి జి, వై లాంటి కొద్దిపాటి తోకలే. వాటికి వదిలిన జాగాలో మన రెండంతస్తుల వత్తులు ఇమడవు. అక్షరం చిన్నది చేస్తే సరిపోతుందని వాడన్నాడు. అక్షరాన్ని అలాగే ఉంచి బటన్ పెంచమన్నాను, చిన్నదైతే ఆ వత్తులు అసలు కనిపించవు కదా. కాసేపు గొణిగి ఆరు పిక్సెళ్ళు పెంచాడు. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" మూడూ ఆ బటన్ మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాం. వత్తుల అడుగు అంచుకి తగలకుండా నిలిచింది.